రెండు రోజుల పరీక్ష, రెండు పేపర్లు: శ్రీకాకుళం జిల్లా స్క్రీనింగ్ టెస్టులో మార్కులను ఒకే కొలతకు తెచ్చిన లెక్క

పదో తరగతి పూర్తయిన పిల్లలకు ఉచిత కోచింగ్ సీట్లు. వాటి కోసం జిల్లా స్థాయి స్క్రీనింగ్ టెస్టు. రాసేవాళ్లు 1000 మంది, శ్రీకాకుళంలో దొరికిన హాళ్లలో మాత్రం ఒక పూటకు 600 మందికే చోటు. అందుకని పరీక్షను రెండు రోజులకు విడగొట్టారు. ఊరికి దగ్గరివాళ్లు, అంటే శ్రీకాకుళం, ఎచ్చెర్ల, ఆమదాలవలస, నరసన్నపేట మండలాల పిల్లలు 600 మంది మొదటి రోజు రాశారు. హిరమండలం, పాతపట్నం, మెళియాపుట్టి, పలాస, మందసల నుంచి వచ్చే 400 మందికి రెండో రోజు ఇచ్చారు. బస్సులు, రైళ్ల వేళలు చూసుకుని చేసిన ఏర్పాటు అది. ఒకే పేపర్ రెండు రోజులూ ఇవ్వలేరు కనుక పేపర్లు రెండు. రెండింటిలోనూ 100 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు, నెగటివ్ మార్కులు లేవు.

ఈ కేసులోని అంకెలను చేత్తో లెక్క వేసుకోగలిగేలా గుండ్రంగా సర్దాం. కానీ ఇలాంటి చిన్న పరీక్షల్లో ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

ఫలితం చూస్తే మొదటి రోజు సగటు 58, స్టాండర్డ్ డీవియేషన్ (ఇకపై ఎస్‌డీ) 14. రెండో రోజు సగటు 50, ఎస్‌డీ 12. తేడా 8 మార్కులు. రెండో రోజు పేపర్ కష్టంగా వచ్చిందని పిల్లలు, తల్లిదండ్రులు అప్పటికే అంటున్నారు. వాళ్ల మాట నిజమే కావచ్చు. అయితే 8 మార్కులూ పేపర్ వల్లే తగ్గాయా, లేక రాసిన పిల్లల తయారీలోనే తేడా ఉందా? ఈక్వేటింగ్ అన్న పని మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ 8ని రెండు ముక్కలు చేయాలి. పేపర్ వల్ల వచ్చిన ముక్కను తిరిగి ఇవ్వాలి, పిల్లల వల్ల వచ్చిన ముక్కను ముట్టుకోకూడదు.

ఎంసెట్ ఫార్ములా ఇక్కడ ఎందుకు పనికిరాదు

నార్మలైజేషన్ అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది ఏపీ ఈఏపీసెట్ ఫార్ములా. అందులో ప్రతి సెషన్‌కూ సగటు, ఎస్‌డీ కలిపిన ఒక బిందువు ఉంటుంది. పై 0.1 శాతం మంది సగటు రెండో బిందువు. ఈ రెండు బిందువులనూ మొత్తం అభ్యర్థుల బిందువులతో కలిపేలా ఒక సరళరేఖ గీస్తారు. జేఈఈ మెయిన్‌లో ఇంకోలా, సెషన్‌కు సెషన్ పర్సెంటైల్ తీస్తారు. దారులు వేరైనా రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: ఏ సెషన్‌లో కూర్చున్న గుంపైనా సామర్థ్యంలో దాదాపు సమానం. వేలాది మందిని లాటరీ పద్ధతిలో సెషన్లకు పంచినప్పుడు ఆ నమ్మకం నిలబడుతుంది.

ఇక్కడ పంచింది లాటరీతో కాదు, మండలాల వారీగా. పైగా 400 మందిలో 0.1 శాతమంటే 0.4 మంది! ఒక మనిషి కూడా లేని "టాపర్ల సగటు" మీద గీత గీయలేం. ఎవరైనా దాన్ని సర్ది 1 శాతం అన్నా నలుగురే మిగులుతారు. ఆ నలుగురిలో ఒకరికి ఆ రోజు జ్వరం వస్తే 400 మంది మార్కులూ కదులుతాయి.

దాన్ని పక్కనపెట్టి, ఒట్టి సగటు, ఎస్‌డీలనే సరిచేస్తే ఏమవుతుంది? రెండో రోజు 62 తెచ్చుకున్న పిల్లకు

```
58 + (14/12) × (62 − 50) = 72
```

మార్కులు వస్తాయి. మొదటి రోజు 68 తెచ్చుకున్న పిల్లాడి కంటే 4 ఎక్కువ. రెండు గుంపులూ సమానమైతే ఇది న్యాయం. సమానం కాకపోతే పేపర్ కష్టానికి ఇవ్వాల్సిన దానికి మించి ఇచ్చినట్టు. సమానమో కాదో ఈ 58, 50, 14, 12 అంకెలను ఎంత తిప్పినా తేలదు. బయటి నుంచి ఒక సాక్ష్యం కావాలి.

ఉమ్మడి ప్రశ్నలే ఆ సాక్ష్యం

ఈ పరీక్ష పేపర్లు తయారుచేసినప్పుడే 20 ప్రశ్నలను రెండింటిలోనూ అక్షరం మారకుండా పెట్టారు. వీటిని యాంకర్ ప్రశ్నలంటారు. రెండు గుంపులూ ఎదుర్కొన్న ప్రశ్నలు అవే కనుక, వాటిలో వచ్చిన తేడాకు పేపర్ కష్టం కారణం కాలేదు. ఆ తేడా గుంపులదే.

వందలో 20 అనేది ఊరికే పెట్టిన అంకె కాదు. మొత్తం ప్రశ్నల్లో ఐదో వంతైనా, 20 ప్రశ్నలైనా ఉండాలన్నది ఈ పనిలో పాతకాలపు కొలత. అంతకు తగ్గితే యాంకర్ మార్కుకూ మొత్తం మార్కుకూ మధ్య సంబంధం బలహీనపడుతుంది. లెక్క వస్తుంది గానీ దాన్ని నమ్మలేం. ఇక్కడ రెండు రోజులూ ఆ సహసంబంధం 0.80 ఉంది, చాలు.

సంఖ్య కంటే ముఖ్యం కూర్పు. యాంకర్ పేపర్‌కు అచ్చం చిన్న నకలులా ఉండాలి. పేపర్లో లెక్కలు 40, సైన్సు 30, సోషల్ 20, భాషలు 10 ఉంటే యాంకర్లో 8, 6, 4, 2 ఉండాలి. తేలికైనవి, కష్టమైనవి కూడా అదే పాళ్లలో కలవాలి. రెండో రోజు పిల్లలు లెక్కల్లో సమానంగా ఉండి ఇంగ్లీషులో వెనకబడ్డారనుకోండి. యాంకర్ నిండా ఇంగ్లీషు ప్రశ్నలు పెడితే గుంపు ఉన్నదానికంటే బలహీనంగా కనబడుతుంది.

ఇంకొకటి, స్థానం. మొదటి రోజు 12వ ప్రశ్నగా వచ్చిన యాంకర్ రెండో రోజు 94వ ప్రశ్నగా వస్తే, టైం చాలక వదిలేసిన పిల్లలంతా దానిలో తప్పినట్టే లెక్కకొస్తారు. అందుకే రెండు పేపర్లలోనూ అదే నంబరు, ఆప్షన్లు అదే వరుసలో. కాపీ కొట్టకుండా ఎ, బి, సి, డి సెట్లుగా కలిపేసే అలవాటు ఇక్కడే అడ్డం పడుతుంది. (సెట్లు వేరు, పేపర్లు వేరు. సెట్ అంటే అవే ప్రశ్నలు తారుమారు చేసినవి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకునేవాళ్లు ఇన్విజిలేటర్లలోనే చాలామంది ఉంటారు.) సెట్లు తప్పదంటే, ప్రశ్నలను పది పది చొప్పున గుత్తులు చేసి, ఆ గుత్తి లోపలే కలపాలి. అప్పుడు యాంకర్ ఎటు జరిగినా తొమ్మిది స్థానాలు దాటదు.

వంశధార ప్రశ్న

లెక్కలోకి దిగే ముందు యాంకర్ ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఇదే. ఒక్కో ప్రశ్నకు రెండు రోజుల్లో వందకు ఎంతమంది సరిగ్గా రాశారో పక్కపక్కన రాస్తే, 20లో 19 ప్రశ్నలు ఒకే దారిలో ఉన్నాయి: రెండో రోజు అన్నీ తగ్గాయి, కనిష్ఠం 3, గరిష్ఠం 12, సగటున 7 మంది. ఒక్క ప్రశ్న ఎదురు నడిచింది. మొదటి రోజు వందకు 45 మంది రాసినది, రెండో రోజు 66 మంది రాశారు. అది గొట్టా బ్యారేజీ ఏ నది మీద ఉందన్న సోషల్ ప్రశ్న.

కంటితో తెలిసిపోయినా అంకెతో నిర్ధారించుకోవాలి. ఎందుకంటే వందకు 90 నుంచి 83కి తగ్గడం, 55 నుంచి 48కి తగ్గడం ఒకే దూరం కాదు. సరైన జవాబుల నిష్పత్తిని డెల్టా అనే కొలతకు మారుస్తారు. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా:

```
=13-4*NORM.S.INV(p)
```

డెల్టా పెరిగితే ప్రశ్న కష్టమైందని. మిగతా ప్రశ్నలు సగటున 0.77 మేర కష్టమయ్యాయి. గొట్టా ప్రశ్న మాత్రం 13.50 నుంచి 11.35కి, అంటే 2.15 తేలికైంది. మొదటి రోజు డెల్టాలు అడ్డంగా, రెండో రోజువి నిలువుగా వేసి గ్రాఫ్ గీస్తే మిగతా ప్రశ్నలన్నీ ఒక గీత వెంట ఉంటాయి. ఆ గీత నుంచి ఈ ప్రశ్న లంబ దూరం సుమారు 2.06. 1.5 దాటితే అనుమానించాలన్నది వాడుకలో ఉన్న హద్దు.

అనుమానించడం సరే, కారణం ఏమిటి? మొదటి రోజు సాయంత్రం ప్రశ్న వాట్సాప్‌లో తిరిగిందా? అలాగైతే రెండో రోజు గుంపు అంతటా, లేదా ఒకే కోచింగ్ సెంటర్ పిల్లల్లో పెరుగుదల కనబడాలి. మండలాల వారీగా విడదీస్తే కథ వేరేగా ఉంది. హిరమండలం, పాతపట్నం, మెళియాపుట్టి పిల్లల్లో వందకు 92 మంది సరిగ్గా రాశారు. పలాస, మందసల్లో 40 మందే, అంటే మిగతా ప్రశ్నల తీరుకు దగ్గరగానే. గొట్టా బ్యారేజీ హిరమండలంలోనే ఉంది. వంశధార ఆ ప్రాంతంలోనే పారుతోంది. వాళ్లకది సోషల్ పాఠం కాదు, ఊరి సంగతి. లీకు కాదు, ప్రశ్న ఎంపికలో పొరపాటు.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే తర్వాత చేసే పని మారుతుంది. లీకైతే ఆ ప్రశ్నను యాంకర్ నుంచే కాదు, రెండు పేపర్ల మార్కుల నుంచీ తీసేసి 99కి లెక్కించాలి. ఇక్కడ ప్రశ్నలో తప్పు లేదు, జవాబు తెలిసినవాళ్లు తెలిసే రాశారు. కనుక వాళ్ల మార్కు వాళ్లకు ఉంటుంది. కానీ రెండు గుంపులను కొలిచే బద్దగా ఆ ప్రశ్న పనికిరాదు. యాంకర్ 19కి తగ్గింది, మార్కులు 100కే ఉన్నాయి. స్థానిక విషయాల ప్రశ్నలు పేపర్లో ఉండవచ్చు, యాంకర్లో మాత్రం పెట్టకూడదు.

లెక్క

మిగిలిన 19 ప్రశ్నల్లో మొదటి రోజు గుంపు సగటు 12.0, ఎస్‌డీ 3.5. రెండో రోజు గుంపు సగటు 10.6, ఎస్‌డీ 3.2. తేడా 1.4 ప్రశ్నలు, ఎస్‌డీలో దాదాపు 0.4 వంతు. గుంపులు సమానం కావని ఇక్కడ తేలిపోయింది.

వాడిన పద్ధతి చెయిన్డ్ లీనియర్. రెండు మెట్లే. రెండో రోజు మార్కును ముందు యాంకర్ కొలతకు మార్చాలి, రెండో రోజు పిల్లల అంకెలతో. ఆ యాంకర్ మార్కును మొదటి రోజు పేపర్ కొలతకు మార్చాలి, మొదటి రోజు పిల్లల అంకెలతో. పాతపట్నంలో ఒడియా మాట విని తెలుగులో చెప్పే మనిషిలా యాంకర్ మధ్యలో నిలబడుతుంది.

రెండో రోజు 62 మార్కులను తీసుకుందాం.

```
యాంకర్ = 10.6 + (3.2/12) × (62 − 50) = 13.8
మార్కు  = 58 + (14/3.5) × (13.8 − 12.0) = 65.2
```

అంటే రెండో రోజు పేపర్లో 62 తెచ్చుకోవడం, మొదటి రోజు పేపర్లో 65.2 తెచ్చుకోవడంతో సమానం. సగటు మార్కు 50 దగ్గర ఇదే లెక్క 52.4 ఇస్తుంది. 8 మార్కుల తేడాలో పేపర్ కష్టం వాటా 2.4, మిగతా 5.6 పిల్లల తయారీది. పేపర్ కష్టంగా ఉందన్న ఫిర్యాదు నిజమే, అయితే అనుకున్నంత కాదు.

మెరిట్ జాబితాలో ఇది ఎలా కనబడుతుందో చూడండి. రెండో రోజు 62 వచ్చిన పిల్ల, మొదటి రోజు 64 వచ్చిన పిల్లాడికి ముడి మార్కుల్లో వెనక ఉంది. ఈక్వేట్ చేశాక 65.2తో ముందుకొచ్చింది, అది ఆమెకు రావాల్సిందే. అదే పిల్ల 68 వచ్చినవాడి కంటే ఇప్పటికీ వెనకే ఉంది. సగటు, ఎస్‌డీ నార్మలైజేషన్ చేసి ఉంటే అతన్నీ దాటి 72కి వెళ్లేది.

తీసేసిన గొట్టా ప్రశ్నను యాంకర్లో ఉంచేస్తే? రెండో రోజు గుంపు ఉన్నదానికంటే బలంగా కనబడేది. గుంపుల తేడా 1.4 నుంచి 1.19కి తగ్గేది, సగటు దగ్గర ఈక్వేటెడ్ మార్కు 52.4 బదులు సుమారు 53.2 అయ్యేది. ఒక్క ప్రశ్న వల్ల 400 మందికి తలా 0.8 మార్కు. కటాఫ్ దగ్గర అర మార్కులో పదుల మంది నిలబడే పరీక్షల్లో అది చిన్న విషయం కాదు.

కంప్యూటర్‌లో చేసేవాళ్లకు `R` లోని `equate` ప్యాకేజీ చాలు. ప్రతి గుంపుకూ మొదటి నిలువు వరుసలో మొత్తం మార్కు, రెండోదాంట్లో యాంకర్ మార్కు:

```
library(equate)
rx <- freqtab(day2, scales = list(0:100, 0:19))
ry <- freqtab(day1, scales = list(0:100, 0:19))
equate(rx, ry, type = "linear", method = "chained")
```

అయినా ఒకసారి స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో చేసి సరిపోల్చుకోవడం మంచిది. ఎక్కువగా జరిగే పొరపాటు `rx`, `ry` తారుమారు కావడం. అప్పుడు మార్కులు కలవాల్సిన చోట తగ్గుతాయి, ప్రోగ్రామ్ మాత్రం ఏ ఎర్రరూ చూపదు.

ఏ పద్ధతి అన్న గొడవ

పై కోడ్‌లో `"chained"` బదులు `"tucker"` అని రాస్తే జవాబు మారుతుంది. టక్కర్ పద్ధతిలో సగటు దగ్గర 52.4 కాదు, 53.4 వస్తుంది. 62కి 65.2 బదులు 66.6. డేటా అదే, రెండు పద్ధతులూ సక్రమమైనవే, అయినా ఒక మార్కుకు పైగా తేడా.

కారణం ఉంది. టక్కర్ పద్ధతి యాంకర్ మార్కు నుంచి మొత్తం మార్కును ఊహించడానికి రిగ్రెషన్ వాడుతుంది. యాంకర్‌కు సొంత పొరపాటు ఉంటుంది కనుక (19 ప్రశ్నలే కదా), రిగ్రెషన్ గుంపుల తేడాను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. గుంపులు దాదాపు సమానమైతే, అంటే యాంకర్ తేడా ఎస్‌డీలో 0.1 లోపైతే, ఏ పద్ధతి వాడినా జవాబులు కలుస్తాయి. 0.3 దాటాక విడిపోవడం మొదలవుతుంది. 0.5 దాటితే ఏ పద్ధతినీ నమ్మలేం. ఇక్కడ 0.4, అంటే గీత మీద నడక. గుంపులు ఇంత వేరైనప్పుడు చెయిన్డ్ పద్ధతిలో పక్షపాతం తక్కువ, దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

ఎంపికను మాత్రం నోటిఫికేషన్‌లోనే రాసి పెట్టాలి. ఫలితాలు చేతికొచ్చాక ఒక మార్కు తేడా ఉన్న రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకుంటే, ఎంత నిజాయితీగా ఎంచుకున్నా ఎవరూ నమ్మరు. నమ్మాల్సిన పనీ లేదు.

ఈ లెక్కకు కనబడనివి

తెల్లవారుజామున మందసలో బయలుదేరి వచ్చిన పిల్ల అలసటతో రాసిందనుకోండి. ఆ అలసట యాంకర్ ప్రశ్నల మీదా మిగతా ప్రశ్నల మీదా ఒకేలా పడుతుంది. లెక్క దాన్ని సామర్థ్యంలో తేడాగానే రాసుకుంటుంది. హాల్లో కరెంటు పోయినా అంతే. పేపర్ కష్టం ఒక్కటే ఈక్వేటింగ్ సరిచేసేది. దూర మండలాల పిల్లలకు అదనంగా ఏదైనా ఇవ్వాలనుకుంటే సీట్లలో కోటాగా, అందరికీ కనబడేలా ఇవ్వాలి. నార్మలైజేషన్ ఫార్ములా చాటున 5.6 మార్కులు జారవిడవడం ఆ పని కాదు.

గుంపు పరిమాణం కూడా హద్దే. 600, 400 మందితో చేసిన ఈ లెక్కలో సగటు దగ్గర ప్రామాణిక దోషం సుమారు 0.6 మార్కు. 2.4 సవరణ ముందు అది చిన్నదే. అదే పరీక్ష రోజుకు 50 మందితో జరిగితే దోషం 1.8కి చేరుతుంది. 2.4 మార్కుల సవరణలో 1.8 మార్కుల అనిశ్చితి అంటే, సవరణ చేయడం కంటే ముడి మార్కులు ఉంచేయడమే తక్కువ నష్టం కావచ్చు. అంత చిన్న పరీక్షకు రెండు పేపర్లు పెట్టకపోవడమే మేలు. పీజీ నీట్ లాంటి జాతీయ పరీక్షనే రెండు షిఫ్టుల్లో వద్దని 2025లో సుప్రీంకోర్టు ఒకే షిఫ్టుకు మళ్లించింది. 100 మంది పరీక్షకు ఇంకో హాలు వెతకడం అంత కష్టమేమీ కాదు.

మార్కుల కొసల్లోనూ జాగ్రత్త. ఈ గీత ప్రకారం రెండో రోజు 96 వస్తే ఈక్వేటెడ్ మార్కు 101.5 అవుతుంది. 100 దగ్గర ఆపేస్తామని ముందే చెప్పాలి. ఆ కొసలో రాసినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు కనుక అక్కడ గీత చెప్పేది సగం ఊహే. దశాంశాలను మెరిట్ జాబితాలో గుండ్రం చేయకూడదు. 65.2ను 65 చేస్తే మొదటి రోజు 65 వచ్చినవాళ్లతో లేని టై పుట్టుకొస్తుంది, దాన్ని విప్పడానికి పుట్టినతేదీ చూడాల్సి వస్తుంది.

వచ్చే ఏడాది ఇదే పరీక్ష మళ్లీ రెండు రోజులు పెట్టాల్సి వస్తే మార్చాల్సింది ఫార్ములా కాదు, హాల్ టికెట్లు. మండలాల వారీగా కాక, దరఖాస్తు నంబర్లను లాటరీ తీసి రెండు రోజులకు పంచితే యాంకర్ తేడా సున్నాకు దగ్గరగా వస్తుంది. చెయిన్డ్, టక్కర్ రెండూ దాదాపు ఒకే జవాబు చెబుతాయి. దూరం నుంచి వచ్చేవాళ్ల కోసమైతే పరీక్షను పది గంటలకు బదులు పదకొండున్నరకు పెడితే సరిపోతుంది. యాంకర్ ప్రశ్నల్ని మాత్రం మళ్లీ వాడకూడదు. పేపర్లు పిల్లలు ఇంటికి తీసుకెళ్లారు, ఆ 19 ప్రశ్నలూ ఈపాటికి ప్రతి జిరాక్స్ షాపులోనూ ఉంటాయి.